వేలం రోజుల్లో కదలని కడుపు

కొండపి పొగాకు రైతు: వేలం మొదలైన కాడి నుంచి నాలుగు రోజులకొకసారి గానీ విరేచనం అవట్లేదు. వేలం లేని వారం మామూలే. ఇది కడుపు జబ్బా, దిగులా?

సుబ్బారావు (మందుల షాపు): దిగులేందబ్బాయ్? నీళ్లు తాగవు, టీలు తాగుతావు. రాత్రిపూట రెండు చెంచాల ఇసబ్గోల్, పెద్ద గ్లాసుడు నీళ్లతో తీసుకో. అయినా భయపడితే విరేచనాలవుతాయి గానీ, బిగుసుకుపోతుందా?

పద్మ (ఫిజియోథెరపిస్టు): రెండూ జరుగుతాయి బాబాయ్. కంగారు పుడితే మెదడు పంపే సంకేతాలకు కొందరి పెద్దపేగు పరుగెత్తుతుంది, ఇంకొందరిది మందగిస్తుంది. పైగా మలద్వారం చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. ముక్కేటప్పుడు అది వదులవ్వాలి. అన్నా, మలం గట్టిగా ఉంటుందా, మెత్తగా ఉన్నా రాదా?

రైతు: మెత్తగానే ఉంటుందమ్మా. ఎంత ముక్కినా ఇంకా మిగిలినట్టే ఉంటుంది.

పద్మ: అట్లయితే కండరం వదలడం లేదని అనుమానించాలి. అలాంటప్పుడు ఇసబ్గోల్ పెంచితే ఉబ్బరమే పెరుగుతుంది. ఇంకోటి, తెల్లారకముందే బయల్దేరి, వచ్చిన విరేచన వేగాన్ని ఆపుకుంటున్నారా?

రైతు: ఆపుకోక ఏం చేయాలి?

పద్మ: ఆపుకున్న మలంలోని నీటిని పేగు పీల్చేస్తుంది. రోజూ ఆపుకుంటే వేగం తెలియడమే తగ్గిపోతుంది.

సుబ్బారావు: ఆ మాట నిజమే.

పక్కింటి పెద్దమ్మ: మా కోడలికీ దిగులేనేమో! ఐరన్ మాత్రలు మొదలెట్టినప్పటి నుంచి ఇదే గొడవ.

పద్మ: అది మాత్రల వల్ల కావచ్చు పెద్దమ్మా, డాక్టర్‌కి చెప్పండి. అన్నా, మీరు అరగంట ముందు లేవండి. గోరువెచ్చని నీళ్లు తాగి, రెండు ఇడ్లీలైనా తినండి. పొట్టలో ఆహారం పడితే పేగు కదులుతుంది, పొద్దున ఆ కదలిక బలంగా ఉంటుంది. తిన్న పావుగంటకు కూర్చోండి. కుర్చీ దొడ్డయితే పాదాల కింద జానెడెత్తు పీట పెట్టి, మోకాళ్లపై మోచేతులు ఆనించండి. నాలుగు లెక్కపెడుతూ పొట్ట ఉబ్బేలా గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ నోటితో వదలండి, పదిసార్లు. వదిలేటప్పుడే మెల్లగా తొయ్యాలి. ఊపిరి బిగబట్టి ముక్కితే కండరం ఇంకా మూసుకుంటుంది. పది నిమిషాల్లో రాకపోతే లేచెయ్యండి. పడుకునే ముందు కూడా ఇదే శ్వాస ఐదు నిమిషాలు.

సుబ్బారావు: శ్వాసతోనే అయిపోతుందా? రక్తం పడితే, బరువు తగ్గితే?

పద్మ: అప్పుడు ఆగకుండా డాక్టర్ దగ్గరికే. నాలుగు వారాలు చేసినా మారకపోతే, ఆ కండరానికి పరీక్ష ఉంది, వదలడం నేర్పే శిక్షణా ఉంది.

సుబ్బారావు: వేలం ముందు రాత్రి విరేచనం కావడానికి పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి ఇస్తాను.

పద్మ: అది పని చేయడానికి ఒకటి నుంచి మూడు రోజులు పట్టొచ్చు. వేగం వేలం కేంద్రంలో వస్తే?

సుబ్బారావు: రెండు రోజుల ముందే మొదలెడతాం.

పద్మ: డాక్టర్‌ని అడిగి మొదలెట్టండి. దొడ్డి దొరకని చోట మందు ఎంత మంచిదైనా నాకు నమ్మకం లేదు.