టేపు కోసుడు చూపిస్తే ఆత్రం పుట్టదు

ఇప్పుడే ఒక మిక్సీ అన్‌బాక్సింగ్ షార్ట్ చూసిన. నిమిషం వీడియో. అండ్ల 14 సెకన్లు "హాయ్ ఫ్రెండ్స్, వెల్కమ్ బ్యాక్", ఇంకో 11 సెకన్లు కత్తితోని టేపు కోసుడు. తర్వాత జార్లు ఒక్కొక్కటి తీసి "చూడండి ఫ్రెండ్స్, ఎంత ప్రీమియంగా ఉందో" అనుకుంట బల్ల మీద పెట్టుడు. ఆఖరికి "ఓవరాల్‌గా సూపర్, లింక్ బయోలో". స్విచ్ ఒక్కసారి కూడ వెయ్యలే. వైరు చుట్టకు కట్టిన ప్లాస్టిక్ తాడు కూడ ఇప్పలే! వైరు ఇప్పకుండ మిక్సీ సూపర్ అని ఎట్ల తెలిసింది?

ఆత్రం అంటే డబ్బా తెరుసుడు ఆలస్యం చేసుడు అనుకుంటున్నరు మనోళ్లు. డబ్బాల ఏమున్నదో అందరికీ తెలుసు, పైన బొమ్మే ఉంటది. చూసేటోళ్లకు తెల్వనిది ఇంట్ల పనికొస్తదా రాదా అన్నదొక్కటే. గా ప్రశ్న మొదటి మూడు సెకన్లల్ల పడాలె, జవాబు ఆఖర్ల రావాలె. నడుమ వచ్చే ప్రతి ముక్క ఆ జవాబుకు ఒక అడుగు దగ్గర చెయ్యాలె. ఆత్రమంటే గదే.

750 వాట్ల మిక్సీనే తీసుకుందాం. మొదటి షాట్‌ల ముఖం వద్దు. అరచేతుల నాలుగు పసుపు కొమ్ములు, ఎనుక మూసిన డబ్బా. మాట ఒక్కటే: "ఈ పసుపు కొమ్ములు ఈ మిక్సీల మెత్తగ అయితయా?" అయిపాయె, మూడు సెకన్లు. ఇగ చూసేటోళ్లు ఎటూ పోరు, ఎందుకంటే మన ఇండ్లల్ల పసుపు పడుతుంటే మిక్సీలు ఆగిపోవుడు అందరికీ ఎరుకే.

ఐదో సెకను దాటేసరికి డబ్బా తెరిచి ఉండాలె. టేపు కోసుడు మొత్తం రికార్డు చెయ్యుర్రి, ఆపకుండ ఒక్కటే టేక్‌ల తియ్యుర్రి, కానీ అది మీ ఫోన్లనే ఉండాలె. జార్ పగిలి వస్తే వాపసు పంపేటప్పుడు ఆ కత్తిరించని వీడియోనే పనికొస్తది. షార్ట్‌కు దాంట్ల రెండు సెకన్లు చాలు. ఆ రెండు సెకన్లల్ల డబ్బా మీది ఎంఆర్‌పీ, తయారైన నెల, సంవత్సరం కనబడాలె. కొరియర్ స్టిక్కర్ మాత్రం ముందే పీకెయ్యుర్రి. దాని మీద మీ ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు ఉంటయి. హనుమకొండల ఏ గల్లీల ఉంటున్నరో ఊరందరికి చూపెట్టుకుంటున్నరు కొందరు!

తర్వాత పది పన్నెండు సెకన్లు చేతికి తెలిసే సంగతులు. మూడే చాలు, అవి కూడ అమ్మేటోని ఫొటోల కనబడనియి కావాలె. వైరు ఇప్పి మూరతోని కొలువుర్రి, "రెండున్నర మూరలు" అంటే ప్లగ్గు అందుతదా లేదా ఇంట్లోళ్లకు ఎంబడే అర్థమైతది. చట్నీ జార్ల సగం దాక నీళ్లు పోసి, మూత పెట్టి, సింకు మీద బోర్లియ్యుర్రి. మూత లోపలి రబ్బరు సక్కగ కూసోకపోతే అంచు పొంటి చుక్కలు జారుతయి. ఆ చుక్క దగ్గర నుంచి కనబడితే సాలు, మాటతోని పని లేదు. మూడోది, మిక్సీని తిరగేసి కింద అంటించిన పట్టీ చూపెట్టుర్రి. చాలా మిక్సీల మీద 30 నిమిషాల రేటింగ్ అని, 5 నిమిషాలు నడిపి 2 నిమిషాలు ఆపాలె అని ఉంటది. అది ఎవ్వరూ చదువరు, తర్వాత మోటరు వేడెక్కి ఆగంగనే కంపెనీని తిడ్తరు. మోటరు ఆగితే నొక్కే బటన్ కూడ చాలా వాటికి కిందనే ఉంటది.

ఇగ అసలు ముక్క. కొమ్ములు ముందు రోట్ల వేసి ముక్కలు చెయ్యాలె, నిండు కొమ్ము వేస్తే బ్లేడు ఇరుక్కుంటది. 50 గ్రాములు చాలు. నడిమి జార్ల, సగానికి మించకుండ వేసి, మొదలు నాలుగు సార్లు పల్స్ కొట్టి, తర్వాత నిమిషం నడపాలె. వీడియోల పది సెకన్లు ఉంచి తక్కింది తీసెయ్యుర్రి. ఈడనే అందరూ చేసే తప్పు: మిక్సీ సప్పుడు తీసేసి పాట పెడ్తరు! ఇంట్ల పొద్దున్నే పిల్లలు లేస్తరా లేదా అన్నది ఆ సప్పుడును బట్టే కదా తెలిసేది. పాట తీసేసినా ఇంకో చిక్కున్నది. ఫోన్ మైకు పెద్ద సప్పుడును దానంతట అదే తగ్గిస్తది, చిన్నదాన్ని పెంచుతది, అందుకే వీడియోల అన్ని మిక్సీలు ఒక్క తీర్గనే ఇనబడ్తయి. దానికి మందు, మిక్సీ నడుస్తుండంగనే పక్కన నిలబడి మామూలు గొంతుతోని "ఇనబడుతుందా?" అని అడుగుడు. మాట మునిగిపోతే ఎంత మోతనో తేలిపోయె.

వాసన సంగతి నిజాయితీగ చెప్పాలె. కొత్త మిక్సీ మొదటిసారి నడిపితే మోటరు తీగ మీది వార్నిష్ వేడికి కొంచెం వాసన వస్తది, రెండు మూడు సార్లకు పోతది. "కాలిన వాసన వస్తుంది, కొనకండి" అంటే అన్యాయం. అసలు చెప్పకపోతే కూడ అన్యాయమే. పొగ వస్తే మాత్రం వేరే కథ, ఆపెయ్యాలె, అదే చూపెట్టాలె.

పొడిని జల్లెడ పట్టి, మీద మిగిలిన మొరం అరచేతుల పోసి చూపెట్టుర్రి. మొదటి షాట్‌ల కొమ్ములున్న చెయ్యే, అదే వెలుతురు. ప్రశ్న ఆడ వేసిండ్రు, జవాబు ఈడ వచ్చింది. ఆఖరి మాట: "పసుపు అయితది, మూత కారుతది, మోటరు ఎన్నేండ్లు ఉంటదో ఒక్కరోజుల చెప్పలేను." మొత్తం 40 నుంచి 45 సెకన్లు, మాటలు 80 దాటొద్దు. దాటితే గొంతు ఉరుకుతది, ఒక్కటీ మనసుల పడదు. షార్ట్స్ మూడు నిమిషాల దాక పెట్టొచ్చని 2024 అక్టోబర్‌ల మార్చిండ్రు కదా అని సాగదియ్యకుర్రి.

సాగదీసేటోళ్లు ఎందుకు సాగదీస్తున్నరో కూడ నాకు తెలుసు. వస్తువు ఫ్రీగ వచ్చింది, తప్పు చెప్పబుద్ధి కాదు, అందుకే నింపుడు మాటలు. ఫ్రీగ తీసుకునుడు తప్పు కాదు, ఆ సంగతి దాచిపెట్టుడు తప్పు. 2023 జనవరిల వినియోగదారుల వ్యవహారాల శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. పైసలే కాదు, ఫ్రీగ వచ్చిన వస్తువు కూడ లెక్కలకొస్తదని, ఆ సంగతి వీడియోల స్పష్టంగ తెలియాలె అని అండ్ల ఉన్నది. హ్యాష్‌ట్యాగుల గుంపుల ఇరికిస్తే చెప్పినట్టు కాదు. తెలుగు వీడియోకు తెలుగుల చెప్పుర్రి: "ఇది కంపెనీ ఫ్రీగ పంపింది." ఐదు మాటలు కూడ కాదు, రెండు సెకన్లు. టేపుకు 11 సెకన్లు దొరికినయి, దీనికి రెండు దొరకవా?

ఆ వీడియో కింద ఒకామె అడిగింది: "అన్నా, చట్నీ జార్ మూత లీక్ అయితదా? మా పాత దాంట్ల గోడ మొత్తం ఖరాబైంది." ఆయన ఆ కామెంట్‌కు ఎర్ర గుండె గుర్తు పెట్టిండు. జవాబు మాత్రం రాయలే.