లీప్స్ కాల్: వడ్డీ ముందే కట్టి తీసుకునే అప్పు

వంద షేర్లు కొనే బదులు రెండేళ్ల గడువున్న డీప్ ఇన్-ద-మనీ కాల్ ఒకటి కొంటే చాలు, సగానికి పైగా డబ్బు చేతిలో మిగులుతుందన్న మాట అమెరికాలో స్థిరపడిన మనవాళ్ల పెట్టుబడి చర్చల్లో తరచూ వినిపిస్తుంది. కాల్ అంటే ముందే ఖాయం చేసుకున్న ధరకు గడువులోగా షేరు కొనే హక్కు; ఆ ధరను స్ట్రైక్ అంటారు, ఒక కాల్ కాంట్రాక్టు వంద షేర్లకు వర్తిస్తుంది. స్ట్రైక్ షేరు ధర కన్నా చాలా కిందుంటే ఆ కాల్ డీప్ ఇన్-ద-మనీ. షికాగో ఎక్స్ఛేంజ్ 1990లో లీప్స్ పేరుతో తెచ్చిన ఈ దీర్ఘకాలిక ఆప్షన్లు అక్కడివారికి కొత్తేమీ కావు. మన ఎన్‌ఎస్‌ఈలో విడి షేర్ల ఆప్షన్ల గడువు మూడు నెలలు దాటదు కాబట్టి ఈ చర్చ ప్రధానంగా అక్కడి మార్కెట్‌దే. ఆ మిగిలిందంటున్న డబ్బు నిజానికి అప్పు అని నా వాదన. దాన్ని అప్పుగా గుర్తించకపోవడంలోనే ప్రమాదమంతా ఉంది.

లెక్క చూద్దాం. డివిడెండ్ ఇవ్వని ఒక షేరు 200 డాలర్ల దగ్గర ఉందనుకుందాం. వార్షిక ఒడిదుడుకులు 30 శాతం, వడ్డీ 4 శాతం అయితే 140 డాలర్ల స్ట్రైక్ ఉన్న రెండేళ్ల కాల్ ధర సుమారు 76 డాలర్లు ఉంటుంది. షేరు ఒక డాలరు కదిలితే కాల్ దాదాపు 89 సెంట్లు కదులుతుంది. వంద షేర్లకు 20,000 డాలర్లు కావాలి, కాల్‌కు 7,600 చాలు. అయితే ఆ 76లో కాల్‌ను ఇప్పటికిప్పుడు వినియోగించుకుంటే దక్కే విలువ, అంటే 200కీ 140కీ ఉన్న తేడా, 60 మాత్రమే. మిగతా 16 డాలర్లలో సుమారు 11, ఆ 140 కట్టడాన్ని రెండేళ్లు వాయిదా వేసుకున్నందుకు పడే వడ్డీ. తక్కిన 5, షేరు 140 కిందికి జారితే ఆపై నష్టం మనకు తగలకుండా కట్టే బీమా. షేరు రెండేళ్లూ 200 దగ్గరే నిలిచిపోతే షేరుదారుకు పోయేదేమీ లేదు, కాల్ కొన్నవారికి మాత్రం 1,600 డాలర్లు పోతాయి.

మిగిలిన 12,400ను ట్రెజరీ బిల్లుల్లో ఉంచితే సుమారు వెయ్యి డాలర్ల వడ్డీ వచ్చి ఆ ఖర్చులో చాలా భాగం పూడుతుంది. ఈ పద్ధతిని సమర్థించేవారు చెప్పేది ఇదే, అందులో తప్పు లేదు. నష్టం 7,600 దాటదన్నదీ నిజమే. కానీ ఆ డబ్బు బిల్లుల్లోనే ఉండాలి. చేతిలో ఉంది కదా అని రెండో కాంట్రాక్టు కూడా కొన్నవారి సంగతి చూడండి. గడువు నాటికి షేరు 25 శాతం పడి 150కి వస్తే షేరుదారు దగ్గర ఇంకా 15,000 ఉంటుంది. రెండు కాల్స్‌లో పెట్టిన 15,200 మాత్రం 2,000 అవుతుంది.

అంతకన్నా లోతైన ప్రమాదం గడువులో ఉంది. 2021 ఆఖరి రోజున మెటా షేరు 336 డాలర్ల దగ్గర ముగిసింది. ఆ రోజు 2023 జనవరి గడువుతో 230 స్ట్రైక్ కాల్ కొన్నవారు తాము చాలా జాగ్రత్తగా ఉన్నామనే అనుకుని ఉంటారు; షేరు మూడో వంతు దాకా పడాలి గదా, స్ట్రైక్‌ను తాకడానికి. 2022 ఫిబ్రవరిలో ఒక్క రోజులోనే 26 శాతం పడింది, నవంబరులో 90 డాలర్ల కిందికి దిగింది. గడువు తేదీ జనవరి 20న సుమారు 139 దగ్గర ముగిసింది. కాల్ విలువ సున్నా. అదే సంవత్సరం చివరికి షేరు 350 దాటింది. షేరు పట్టుకున్నవారు రెండేళ్లు బాధపడి అసలు పైన కొంత లాభంతో బయటపడ్డారు. కాల్ పట్టుకున్నవారి అంచనా కూడా చివరికి నిజమే అయింది, అయినా ఒక్క డాలరు చేతికి రాలేదు. ఓర్పు పట్టే హక్కు షేరుతో పాటు వస్తుంది, కాల్‌తో రాదు. అలాంటిదాన్ని షేరుకు ప్రత్యామ్నాయమనడం నాకు అంగీకారం కాదు.

గడువు దగ్గరపడితే తర్వాతి ఏడాదికి మార్చుకోవచ్చు గదా అంటారు. అప్పుడు తెరపై కనిపించేదాన్ని గమనించండి: కొనేవారి ధర 74.50, అమ్మేవారి ధర 77.80. ఈ ఆప్షన్లలో లావాదేవీలు పలుచన కాబట్టి ఇంత ఎడం సాధారణమే. మధ్య ధరకు లిమిట్ ఆర్డర్ పెట్టకుండా తొందరపడితే ఒక కాంట్రాక్టును కొని అమ్మడానికే 330 డాలర్లు ఖర్చు. గడువు మార్చిన ప్రతిసారీ కొత్త కాల్‌లో వడ్డీ, బీమా మళ్లీ కట్టాలి. కాల్‌ను వినియోగించుకుని షేర్లు తీసుకుంటే, దీర్ఘకాలిక పన్ను రేటు కోసం ఏడాది లెక్క మరుసటి రోజు నుంచి కొత్తగా మొదలవుతుంది.

మనవాళ్లలో ఎక్కువమంది సాఫ్ట్‌వేర్ కంపెనీల ఉద్యోగులు కావడం ఈ అప్పును మరింత బరువు చేస్తుంది. జీతం ఆ రంగానిదే, బోనస్‌గా వచ్చిన షేర్లు ఆ కంపెనీవే, ఇక కాల్స్ కూడా ఆ రంగంవే అయితే ఉద్యోగాల కోత, షేర్ల పతనం ఒకే నెలలో రావచ్చు. 2022లో మెటా షేరు అడుగంటిన నవంబరులోనే ఆ సంస్థ 11,000 మందిని తొలగించింది. ఇంటి కిస్తీకి డబ్బు వెతుక్కోవాల్సిన ఆ నెలలో, గడువుకు రెండు నెలలున్న ఆ 230 కాల్‌కు మార్కెట్లో దక్కేది దాదాపు శూన్యం.