సెలూన్ కరెంటు బిల్లులో అసలు దొంగ ఏసీ కాదు

బెజవాడలో మే నెల కరెంటు బిల్లు రాగానే సెలూన్ల వాళ్లు ముందు ఏసీ రిమోట్ దాచేస్తారు. నేను మాత్రం హెయిర్ డ్రయ్యర్‌నే అనుమానించమంటాను.

సెలూన్లలో వాడే డ్రయ్యర్ 2 కిలోవాట్ల వరకు లాగుతుంది. ఆ కరెంటంతా చివరికి వేడిగా మారి గదిలోనే మిగులుతుంది. టన్నున్నర ఏసీ ఫుల్లుగా నడిస్తే బయటికి తోసే వేడి సుమారు 5.2 కిలోవాట్లు. అంటే ఒక్క డ్రయ్యర్ ఆన్ చేస్తే ఏసీ శక్తిలో మూడో వంతుకు పైగా దానికే పోతుంది. వేడి పుట్టించడానికి ఒకసారి, దాన్ని బయటికి పంపడానికి ఇంకోసారి మనమే డబ్బు కడుతున్నాం.

మొగల్రాజపురంలో ఒక చిన్న లేడీస్ సెలూన్ అనుకుందాం. రోజుకు 12 మంది, ఒక్కొక్కరికి 15 నిమిషాలు డ్రయ్యర్. మొత్తం 3 గంటలు, 6 యూనిట్లు. ఆ వేడి తీయడానికి ఏసీకి దాదాపు 2 యూనిట్లు. తలస్నానం కాగానే మైక్రోఫైబర్ టవల్ చుట్టి, రుద్దకుండా నొక్కి, ఐదు నిమిషాలు ఉంచితే డ్రయ్యర్ పని 10 నిమిషాలకు దిగుతుంది. రోజుకు రెండున్నర యూనిట్లకు పైనే మిగులు. యూనిట్ 10 రూపాయల లెక్కన నెలకు 700 దాకా. ఒత్తైన జుట్టుకు ఇంత తగ్గదు, నిజమే. ఆ టవళ్లకు ఫ్యాబ్రిక్ కండిషనర్ వేస్తే నీళ్లు పీల్చవు. పలచన కాబట్టి ఉతకడానికి నీళ్లూ తక్కువే.

డ్రయ్యర్ వెనక జాలీ చూశారా? వెంట్రుకలు, దుమ్ము పేరుకుంటే గాలి తగ్గుతుంది, ఆరడానికి ఎక్కువసేపు పడుతుంది. ఆన్ చేసి జాలీ దగ్గర టిష్యూ పెట్టండి. అంటుకోకపోతే ప్లగ్ తీసి పాత టూత్‌బ్రష్‌తో దులపాల్సిందే. మాడు వాసన వచ్చేదాకా ఆగొద్దు.

కస్టమర్ చల్లదనం కోసమే వస్తుంది, ఏసీ 24 మీద పెడితే మళ్లీ రాదని ఓనర్లు అంటారు. అందుకే ఏసీని వదిలి డ్రయ్యర్ గురించి చెబుతున్నాను. పక్క కుర్చీ నుంచి వేడిగాలి కొట్టకపోతే 24లో ఫ్యాన్ కింద ఎవరికీ ఇబ్బంది ఉండదు.

ఇంకో వేడి మనం డబ్బిచ్చి తెచ్చుకున్నది: అద్దాల ముఖద్వారం. పడమటి ఎండ నేరుగా పడే షాపుకు నేల నుంచి పైకప్పు దాకా గాజు పెట్టడం మన ఊరికి పట్టిన జబ్బు. లోపల కర్టెన్ వేసినా లాభం కొంతే, ఎండ అప్పటికే గాజు దాటి వచ్చేసి ఉంటుంది. బయట చూరో, వట్టివేళ్ల తడికో ఉండాలి. నాకు తెలిసిన ఒకావిడ ఆ తడిక కడతానంటే, బోర్డు కనపడదని బిల్డింగ్ ఓనరు ఒప్పుకోలేదు. ఆవిడ రెండో ఏసీ కొన్నారు.