పర్మిట్లు తప్పు, పన్ను ఒప్పు అనే లెక్క ఎక్కడ తేడా కొడుతోంది

కాలుష్య పర్మిట్ల గురించి ఇలా వాదించేవాళ్లున్నారు: "కాలుష్య పర్మిట్లంటే డబ్బున్నోడికి విషం వదిలే లైసెన్స్ అమ్మడమే. వాటిని ఫ్రీగా ఇస్తే ఎవడూ పొగ తగ్గించడు. అదే కిలోకింత అని పన్ను వేస్తే కాలుష్యం కచ్చితంగా తగ్గుతుంది. ఎలాగూ మన దేశంలో అలాంటి మార్కెట్లు నడవవు."

ముందు లైసెన్స్ సంగతి. పన్ను వేస్తే డబ్బున్నవాడు ఏం చేస్తాడు? కట్టేసి పొగ వదులుతాడు. పొగ వల్ల జరిగే నష్టానికి తగ్గట్టు పన్ను వేయాలని ఆర్థికవేత్త పిగూ చెప్పాడు. ఆ అభ్యంతరం ఆ పన్నుకీ అంతే వర్తిస్తుంది, దాన్ని పర్మిట్ల నెత్తినే రుద్దడం న్యాయం కాదు. అసలు తేడా వేరే చోట ఉంది. పన్నులో ధరను ప్రభుత్వం ముందే చెప్పేస్తుంది, మొత్తం ఎంత పొగ వస్తుందో తర్వాత గానీ తెలియదు. పర్మిట్లలో ప్రభుత్వం మొత్తం పొగకు హద్దు పెట్టి అంతమేరకే పర్మిట్లు ఇస్తుంది, మిల్లులు వాటిని తమలో తాము కొనుక్కోవచ్చు, అమ్ముకోవచ్చు. అంటే మొత్తం పొగ ఎంతో ముందే తేలిపోతుంది, ధర తర్వాత తేలుతుంది.

"కచ్చితంగా తగ్గుతుంది" అన్నచోటే నాకు గట్టి పేచీ. రెండు డైయింగ్ మిల్లులు అనుకోండి, రెండూ నెలకు చెరో 1000 కిలోల ధూళి వదులుతున్నాయి, మనకు మొత్తం 1400 కిలోలకు దిగాలి. మొదటి మిల్లు కిలోకి 10 రూపాయల ఖర్చుతో 600 కిలోల దాకా తగ్గించగలదు, రెండోదానికి కిలోకి 30 అవుతుంది. కిలోకి 20 పన్ను వేస్తే మొదటిది 600 తగ్గిస్తుంది, రెండోది పన్ను కడుతుంది, పని అయిపోయింది. కానీ ఆ 10 అనేది అధికారుల అంచనా మాత్రమే. నిజం ఖర్చు 25 అయితే? ఇద్దరూ పన్ను కట్టేసి ఊరుకుంటారు, 2000 కిలోలూ గాల్లోకి పోతాయి. అదే 1400 కిలోలకే పర్మిట్లు ఇచ్చి ఉంటే ధర పాతిక దాటేది, పొగ మాత్రం 1400 దగ్గరే ఆగేది. ఆర్థికవేత్త మార్టిన్ వైట్జ్‌మన్ 1974లో చెప్పింది దీని గురించే: ఖర్చు ఎంతో సరిగ్గా తెలియనప్పుడు, పొగ కాస్త పెరిగితేనే నష్టం ఒక్కసారిగా పెరిగే చోట పరిమాణాన్ని బిగించాలి, నష్టం నెమ్మదిగా పెరిగే చోట ధరను బిగించడం మేలు. అంటే పన్నే సరైన చోట్లు కూడా ఉన్నాయి, నేను కాదనను.

ఇక ఫ్రీ అన్న మాట. పై మిల్లులకు చెరో 700 కిలోల పర్మిట్లు ఊరికే ఇచ్చారనుకోండి, మొదటిదాని ఖర్చు కిలోకి 10యే అనుకుందాం. మొదటిది 400 మాత్రమే వదిలితే 300 మిగులుతాయి, వాటిని కిలో 20 చొప్పున అమ్మితే 6000. ఫ్రీగా వచ్చినా సరే, ఇంకో కిలో పొగ వదిలితే చేతికొచ్చే 20 రూపాయలు పోతాయి. తగ్గించడానికి ఆ నష్టభయం చాలు. అయితే పర్మిట్లు ఫ్రీగా ఇస్తే ఖజానాకు రావాల్సింది మిల్లుల జేబులోకి పోతుంది, పాత లెక్కల ప్రకారం పంచితే ఎక్కువ పొగ వదిలినవాడికే ఎక్కువ దక్కుతుంది. ఆ కోపం నాకూ ఉంది.

మన దేశంలో నడవదన్నది మాత్రం నిలవదు, ఎందుకంటే సూరత్‌లో నడిచింది. 2019లో గుజరాత్ కాలుష్య నియంత్రణ మండలి అక్కడి మిల్లుల్లో, ఎక్కువగా బొగ్గు కాల్చే బట్టల మిల్లుల్లో, ధూళికి పర్మిట్ల మార్కెట్ పెట్టింది. 317 ఫ్యాక్టరీల్లో దాదాపు సగాన్ని లాటరీ పద్ధతిలో మార్కెట్లోకి తీసుకుని మిగతావాటిని పాత రూల్స్ కిందే ఉంచి పోల్చారు. పర్మిట్లలో 80 శాతం ఫ్రీ, 20 శాతం వేలం. మార్కెట్లో ఉన్నవాటి ధూళి 20 నుంచి 30 శాతం తగ్గింది. ధర కిలోకి 5 రూపాయల కిందకి పడకుండా, 100 దాటకుండా హద్దులు కూడా పెట్టారు. కింది హద్దు ఎంత అవసరమో ఐరోపాను చూస్తే తెలుస్తుంది: 2005లో మొదలైన వాళ్ల కార్బన్ మార్కెట్లో అవసరానికి మించి పర్మిట్లు పంచారని 2006లో బయటపడి, 2007 చివరికి ధర దాదాపు సున్నాకి వచ్చేసింది.

దానికి పక్కన ఒకప్పటి మన బొగ్గు సెస్సు పెట్టి చూడండి. 2010లో టన్నుకు 50 రూపాయలతో మొదలై 2016కి 400 అయింది. కానీ అది పొగ మీద కాదు, బొగ్గు టన్ను మీద. లక్షలు పోసి ధూళిని పట్టే బ్యాగ్ ఫిల్టర్ పెట్టిన మిల్లుకీ, ఏమీ పెట్టని మిల్లుకీ ఒకటే రేటు ఉండేది. ధూళి విషయంలో దాన్ని పిగూ పన్ను అనడానికి లేదు.

పొగను కొలవకుండా పన్నూ లేదు, పర్మిటూ లేదు. ఫిల్టర్ సంచులు మసితో పూడుకుపోతే ఫ్యాన్ మీద లోడ్ పడుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది, అందుకే రాత్రిపూట బైపాస్ తెరిచి పొగను నేరుగా చిమ్నీలోకి వదిలేసే చోట్లున్నాయి. పగలు వచ్చి శాంపిల్ తీసుకెళ్లే ఇన్‌స్పెక్టర్‌కి అది దొరకదు. చిమ్నీలో నిరంతరం కొలిచే మీటర్ ఉంటే దొరుకుతుంది, అదీ మీటర్‌ని మళ్లీ మళ్లీ చేత్తో తీసిన శాంపిల్‌తో సరిచూస్తేనే. బాయిలర్ లోడ్ మారుతున్నా రీడింగ్ గీత కదలకుండా ఉందంటే మీటర్‌ని అనుమానించాల్సిందే.

ఇంకొకటి, ఇది రెండు పద్ధతుల్లోనూ ఉన్న లోపం: ఊరు మొత్తం మీద ధూళి తగ్గినా, పర్మిట్లు కొనుక్కున్న మిల్లు పక్క వీధిలో తగ్గకపోవచ్చు. పన్ను కట్టేసిన మిల్లు పక్కనా అంతే. ఏ పద్ధతి పెట్టినా ఒక్కో చిమ్నీకి ఇంతకు మించకూడదన్న పరిమితిని విడిగా ఉంచాలి.