ముఖం లేని చోట నవ్వు: ఒక శాస్త్రీయ పరిశీలన

భరతుడు నాట్యశాస్త్రంలో నవ్వును ఆరు రకాలుగా విభజించి, స్మిత హసితాలను ఉత్తములకు, విహసిత ఉపహసితాలను మధ్యములకు, అపహసిత అతిహసితాలను అధములకు కేటాయించి, ఏ నవ్వులో పలువరుస కనిపించవచ్చునో, ఏ నవ్వులో భుజాలు అదరవచ్చునో కూడా నిర్ణయించాడు. ముఖమే కనిపించని వాట్సాప్‌లో ఎలా నవ్వాలో మాత్రం చెప్పలేదు. ఆ లోటు తీర్చే భారం నా మీద పడడానికి కారణం, నా చిన్ననాటి మిత్రుడు ఒకడు నాకు బాకీ పడిన 2,000 రూపాయలు.

"ఒరేయ్, ఆ 2,000 గుర్తున్నాయా lol" అని మొదట రాశాను. బిగ్గరగా నవ్వుతున్నానని దాని అర్థం. 2011 మార్చిలో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కూడా ఆ మాటకు చోటిచ్చింది. అయితే ఆ క్షణంలో నా పెదవి కూడా కదలలేదు. lol ఇప్పుడు నవ్వు కాదనీ, ఎదుటివాడితో కలుపుగోలుతనాన్ని తెలిపే అవ్యయం వంటిదనీ భాషావేత్త జాన్ మెక్‌వోర్టర్ వివరించాడు. కథ వింటూ ఊకొట్టే అలవాటున్న మనకు ఇది కొత్త విషయమేమీ కాదు. నా వాక్యంలోంచి lol తీసేసి చదివి చూడండి, అది వడ్డీ వ్యాపారి నోటీసు అవుతుంది. అప్పటి బ్రిటన్ ప్రధాని డేవిడ్ కామెరాన్ ఈ మూడక్షరాలకు 'బోలెడంత ప్రేమ' అని అర్థమనుకొని సందేశాల చివర సంతకంలా వాడేవాడని 2012లో ఒక విచారణలో బయటపడినప్పుడు లోకమంతా ఆయనను చూసి నవ్వింది గాని, నా లెక్కలో ఆయన నిఘంటువు కంటే సత్యానికి దగ్గరగా ఉన్నాడు.

మిత్రుడు "haha గుర్తుంది రా" అన్నాడు. ఇక్కడ 'ha'లను లెక్కపెట్టాలి. ఒక్కటే ఉంటే వెక్కిరింత, రెండుంటే మర్యాద. మూడు దాటాక గాని నవ్వు వచ్చిందన్న అనుమానానికి తావు లేదు. వరుస తప్పి hahahhaah అని వస్తే, వేళ్లు వణికేంతగా నవ్వాడని నిశ్చయించవచ్చు. 2015లో ఫేస్‌బుక్ తన వాడుకరుల నవ్వులను లెక్కవేసినప్పుడు సగానికి పైగా ఈ haha కుటుంబానివే అయ్యాయి, lol వాటా రెండు శాతం లోపే. అంత విరివిగా దొరికే సరుకుకు విలువెంత ఉంటుందో వేరే చెప్పనక్కర లేదు. నా మిత్రుడు అసలు చెల్లించకుండా, వడ్డీ కింద ఒక స్మితం జమ చేశాడన్నమాట.

వారం తరువాత మళ్లీ కదిపితే "lmao నువ్వింకా మర్చిపోలేదా" అని వచ్చింది. పృష్ఠభాగం ఊడిపడేటంతగా నవ్వుతున్నానని దీని అక్షరార్థం. అది నిజమైతే అతిహసితమే, ఆపైన వైద్యం కూడా అవసరం. కాని ఈ మాటకు స్థానబలం ఉంది. "జీతమంతా అద్దెకే పోయింది lmao" అని చివర పెడితే మనిషి తన గతిని చూసి తాను నవ్వుకుంటున్నాడు. వాక్యం మొదట పెట్టాడంటే ఆ నవ్వు ఎదుటివాడి మీదిది. అంటే ఊడిపడింది నా పరువే.

అప్పుడు నేను lol అనే మెత్తను తొలగించి, "2,000 ఎప్పుడిస్తావు?" అని రాశాను.

"k" అన్నాడు.

'ఎప్పుడు' అన్న ప్రశ్నకు అది జవాబే కాదు. 1839 మార్చి 23న బోస్టన్ పత్రిక ఒకటి 'అంతా సరిగ్గా ఉంది' అనే మాటను కావాలని తప్పుగా రాసి, పొడి అక్షరాల్లో అచ్చువేసిన పరిహాసం నుంచి ok పుట్టింది. అందులోంచి o ను కూడా కోసేస్తే మిగిలిన ఎముక ఇది. రెండు k లు పెడితే "సరే సరే" అన్నంత చనువు వస్తుంది. పక్కన చుక్క పెడితే సంబంధం తెగినట్టే. మా బాబాయి పెళ్లి కబురుకూ, మరణవార్తకూ ఒకే K పంపుతాడు గాని ఆయనకు దోషం అంటదు. సందేశం 160 అక్షరాలు దాటితే రెండింటి ఛార్జీ పడిన కాలంలో ఆయన చెయ్యి తిరిగింది, పైగా మొదటి అక్షరాన్ని పెద్దది చేసేది ఆయన కాదు, ఫోను. నా మిత్రుడిది చిన్న k. ఫోను పెద్దక్షరం వేసి ఇచ్చినా దానిని మార్చి మరీ పంపాడంటే, ఒక్క అక్షరం కోసం ఎంత శ్రమించాడో గమనించండి. నలభై ఏళ్ల స్నేహంలో అతడు నా కోసం ఇంత శ్రద్ధగా ఏదీ రాయలేదు.

రెండు నిమిషాల్లో డబ్బు ఖాతాలో పడింది. ఎన్ని ha లు పెట్టాలో తేల్చుకోలేక పావుగంట తటపటాయించి, చివరికి "hahaha అందాయి రా, తొందరేం లేకపోయింది lol" అని పంపాను. నీలి టిక్కులు పడ్డాయి. ఏదో టైపు చేస్తున్నట్టు కాసేపు కనిపించి, ఆగిపోయింది. మరునాడు ఉదయం నా సందేశం కింద పసుపుపచ్చని బొటనవేలు ఒకటి నిలబడి ఉంది.