ఇంటి నిశ్శబ్దాన్ని నింపుకోమని చెప్పేవారికి

మా అమ్మాయి పైచదువు కోసం విదేశానికి వెళ్లి 14 నెలలు అయింది. ఈ 14 నెలల్లో నాకు అందిన సలహాలన్నీ ఒకే మాట చుట్టూ తిరిగాయి. ఏదో ఒక పని కల్పించుకోవాలి, నలుగురిలో తిరగాలి, ఇల్లు బోసిగా ఉంటే టీవీ పెట్టుకోవాలి. చెప్పినవారి మీద నాకు కోపం లేదు. వారు నా మంచి కోరే చెప్పారు. ఆ సలహా మీద మాత్రం నాకు గట్టి అభ్యంతరం ఉంది, ఎందుకంటే అది తల్లికి జరిగినదేమిటో తెలుసుకోకుండానే మందు రాస్తోంది. నాకు జరిగినది ఉన్నదున్నట్టు చెబుతాను.

విమానాశ్రయంలో నేను ఏడవలేదు. మొదటి వారం కూడా పెద్దగా బాధపడలేదు. వెళ్లిన పిల్ల చేరిందా, గది కుదిరిందా, బ్యాంకు ఖాతా తెరిచిందా అన్న ఆరాటంలో రోజులు గడిచిపోయాయి. అసలు సంగతి మూడో వారంలో మొదలైంది. ఒక రాత్రి వంటింట్లోంచి ఏదో మోత వినిపించి లేచి వెళ్లాను. ఫ్రిజ్ మోటారు నడుస్తోంది. తొమ్మిదేళ్లుగా అదే ఫ్రిజ్, అదే మోటారు. కాసేపు నడిచి, చిన్నగా వణికి ఆగిపోతుంది, మళ్లీ కాసేపటికి మొదలవుతుంది. అది పాడైందేమోనని మావారిని నిద్ర లేపాను. ఆయన విని, ఎప్పుడూ ఇలాగే ఉంటుంది కదా అన్నారు.

ఆయన చెప్పింది నిజమే. పెద్ద చప్పుడు ఉన్నచోట చిన్న చప్పుడు చెవికి ఆనదు. మా అమ్మాయి ఇంట్లో ఉన్నన్నాళ్లూ తలుపులు వేసే చప్పుడు, ఫోనులో నవ్వులు, స్నానాల గదిలో పాటలు ఆ మోతను కప్పేశాయి. ఆ పొర తొలగిపోయాక అడుగున ఉన్నవన్నీ పైకి వచ్చాయి. గోడ గడియారం, నీళ్ల ట్యాంకులోకి నీరు పడడం, మా ఇద్దరి చెప్పుల చప్పుడు. ఇల్లు మూగబోయిందని అందరూ అంటారు గాని, నాకు మాత్రం ఇంటి గొంతు మొదటిసారి వినబడింది, అది నాకు నచ్చలేదు.

అంతకంటే కష్టమైనది మరొకటి ఉంది. లేని చప్పుళ్లు కూడా వినిపించేవి. సాయంత్రం ఆరున్నరకు గేటు గొళ్లెం తీసిన శబ్దం వినబడి, చేతిలో పని ఆపి, గుమ్మం వైపు తిరిగేదాన్ని. అక్కడ ఎవరూ ఉండేవారు కాదు. ఇలా చాలాసార్లు జరిగింది. నాకు మతి చలిస్తోందా అని భయపడి, నాకన్నా ముందు కొడుకును పంపిన ఒక స్నేహితురాలిని అడిగితే, తనకు నాలుగు నెలల పాటు మేడమెట్ల మీద అడుగులు వినిపించాయని, ఎవరికీ చెప్పుకోలేదని చెప్పింది. అప్పుడు ఆలోచించాను. బిడ్డ పుట్టిన రాత్రి నుంచి తల్లి చెవికి ఒక ఉద్యోగం ఉంటుంది. నిద్రలోనూ మెదడు వినడం పూర్తిగా మానదు. ఉరిమినా లేవని తల్లి పక్క గదిలో పిల్ల దగ్గితే లేచి కూర్చుంటుంది. నేను 22 ఏళ్లు అలా విన్నాను. పిల్ల తలుపు తీసిన తీరును బట్టి పరీక్ష ఎలా రాసిందో చెప్పగలిగేదాన్ని. సంచి కుర్చీ మీద పెట్టిందా, నేల మీద పడేసిందా అన్నదాన్ని బట్టి ఇప్పుడు మాట్లాడవచ్చా, కాసేపు ఆగాలా అని తెలిసేది. ఆ చెవికి పని లేదని ఎవరూ చెప్పలేదు. అందుకే అది రోజూ ఆరున్నరకు తన పనికి తాను హాజరవుతూనే ఉంది.

టీవీ పెట్టుకోమన్న సలహా ఎందుకు పనికిరాదో ఇక్కడే తెలుస్తుంది. నేను ఆ ప్రయత్నమూ చేశాను. టీవీ ఆ మోతను కప్పింది. కానీ కనిపెట్టుకుని ఉండే చెవి టీవీ వినదు, టీవీని దాటి గేటు దాకా వినాలని చూస్తుంది, అందుకు రెట్టింపు కష్టపడుతుంది. పది రోజులకు తలనొప్పి వచ్చింది, టీవీ కట్టేశాను.

ఆ తరువాత నేను చేసిన తప్పు చెబుతాను, ఎందుకంటే చాలామంది తల్లులు ఇదే చేస్తున్నారని నాకు తెలుసు. గేటు దగ్గరి కాపలాను ఫోనులోకి మార్చాను. వాట్సాప్‌లో అమ్మాయి చివరిసారి ఎప్పుడు ఉన్నదో చూడడం అలవాటైంది. నేను నిద్ర లేచే సమయానికి అక్కడ రాత్రి పదిన్నర దాటుతుంది. పదకొండున్నరకు ఆన్‌లైన్‌లో కనిపించిందంటే క్షేమంగా ఉందని ఒక నిట్టూర్పు, రెండు గంటలకు కనిపించిందంటే ఎందుకు మేలుకుని ఉందని ఒక దిగులు, అసలు కనిపించకపోతే ఇంకో దిగులు. ఏది చూసినా నాకు దిగులే మిగిలింది. తలుపు చప్పుడు పిల్ల మనసు చెప్పేది. ఈ అంకెలు ఏమీ చెప్పవు. అవి చూపని చోటంతా నా భయం వచ్చి కూర్చునేది.

ఇది ఎంత దూరం పోయిందో నవంబరు మొదటి ఆదివారం రాత్రి తేలింది. అమ్మాయి ఉన్న దేశంలో ఏడాదికి రెండుసార్లు గడియారాలు మారుస్తారు. ఐరోపాలో చలికాలపు మార్పు అక్టోబరు చివరి ఆదివారం వస్తుంది, అమెరికాలోనూ కెనడాలోనూ ఎక్కువ ప్రాంతాల్లో నవంబరు మొదటి ఆదివారం వస్తుంది. ఆ రోజు వేకువన గడియారం ఒక గంట వెనక్కి జరుపుతారు. మేమున్నచోట అలాంటి మార్పు లేదు. అప్పటిదాకా మా మధ్య తేడా 8 గంటలు. తన మధ్యాహ్నం ఒంటిగంట విరామంలో అమ్మాయి ఫోను చేస్తే మాకు రాత్రి తొమ్మిది అయ్యేది. ఆ రాత్రి తొమ్మిది దాటింది, ఫోను రాలేదు. తొమ్మిది పది, తొమ్మిదిన్నర. నేను చేశాను, ఎత్తలేదు. మరో నాలుగుసార్లు చేశాను. తొమ్మిది నలభైకి ఆమె గదిలో ఉండే అమ్మాయి నంబరు వెతికి, ఆ పిల్లకూ చేశాను. సరిగ్గా పదికి మా అమ్మాయి ఫోను చేసింది. తన గడియారంలో ఒంటిగంట. ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయలేదు. తేడా 9 గంటలు అయింది, అంతే. ఫోను మౌనంలో పెట్టి, తోటివారితో కలిసి ఏదో నివేదిక రాస్తోందట. నా ఫోన్లు అయిదు చూసేసరికి ఇంట్లో ఎవరికో ఏదో అయిందని అనుకుని చేతులు వణుకుతుండగా మాట్లాడింది. ఆ గొంతు విన్నాక నాకు సిగ్గు వేసింది. నా భయాన్ని నేను పిల్లకు అంటించాను.

రెండు రోజుల తరువాత తనే ఒక మాట చెప్పింది. “అమ్మా, రోజూ వీడియోలో నీకు కనిపించడానికి ముందు ముఖం కడుక్కుని, వెలుతురు ఉన్న వైపు కూర్చుంటున్నాను. బాగోలేని రోజున కూడా బాగున్నట్టు కనిపించాల్సి వస్తోంది.” నేను రోజూ క్షేమ సమాచారం అడుగుతున్నానని అనుకున్నాను. నిజానికి రుజువు అడుగుతున్నాను. ఆమె రోజూ ఆ రుజువు తయారు చేసి పంపుతోంది.

ఆ రాత్రే ఫోనులో గోప్యత అమరికలు తెరిచి, నేను చివరిసారి ఎప్పుడు ఉన్నానో, ఆన్‌లైన్‌లో ఉన్నానో లేదో ఎవరికీ కనిపించకుండా పెట్టాను. అక్కడ ఒక నియమం ఉంది. మనది దాచుకుంటే ఎదుటివారిదీ మనకు కనిపించదు. నాకు కావలసింది అదే. చూడకూడదని ప్రతిరోజూ నాతో నేను పోరాడడం కంటే, చూడడానికే వీల్లేకుండా చేసుకోవడం తేలిక అయింది. మొదటి వారం చేయి అలవాటుగా ఫోను మీదికి పోయేది, అక్కడ ఏమీ కనిపించేది కాదు. మూడో వారానికి పోవడం తగ్గింది.

ఫోన్లు కూడా మార్చుకున్నాం. రోజూ వద్దు, వారానికి రెండుసార్లు చాలు అనుకున్నాం. ఆ రెండింటిలో ఆదివారం ఫోనుకు వీడియో ఉండదు, మాట్లాడాలన్న నియమమూ ఉండదు. ఫోను పక్కన పెట్టుకుని తన పని తను, నా పని నేను చేసుకుంటాం. ఒక గంట, కొన్నిసార్లు గంటన్నర. తను గిన్నెలు కడుగుతుంది, కాగితాలు తిప్పుతుంది, తిట్టుకుంటుంది. నేను బట్టలు మడత పెడతాను. మొదట్లో ఇది వింతగా అనిపించింది, మాటలు లేని ఫోను వృథా కదా అని మావారు అన్నారు. నాకు మాత్రం ఆ గంటలోనే ఎక్కువ తెలుస్తుంది. గిన్నె మెల్లగా పెట్టిందా, గట్టిగా పెట్టిందా అన్నది వినగానే ఆ వారం ఎలా గడిచిందో తెలుసు. నా చెవికి తన పాత పని తిరిగి దొరికింది, అయితే వారానికి ఒక్క గంట. మిగతా గంటలకు అది సెలవు తీసుకోవడం నేర్చుకుంది. ఇందుకు నెలలు పట్టింది. ఆరున్నర గేటు చప్పుడు మార్చి దాకా వినిపిస్తూనే ఉంది, తరువాత ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు.

తల్లి దుఃఖం అలవాటుగా మారి నెలల తరబడి నిద్ర, ఆకలి చెడితే వైద్యుల దగ్గరికి వెళ్లాల్సిందే, అందులో నాకు సందేహం లేదు. నేను చెబుతున్నది అంతకు ఇవతల ఉన్నవారి గురించి. పిల్ల వెళ్లిన ఇంట్లో తల్లి చేయి ఆపి గుమ్మం వైపు చూస్తే, ఆమెకు తోచుబాటు లేదని అనుకోకండి, పని అప్పజెప్పకండి. 22 ఏళ్ల పని దిగిపోతున్నప్పుడు ఆ కొద్ది నెలల నిశ్శబ్దం ఆమెకు కావాలి. ఆమెను వినిపించుకోనివ్వండి.

పోయిన ఆదివారం ఫోనులో చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. నేను వంటింట్లో ఉన్నాను. ఫ్రిజ్ మోటారు చిన్నగా వణికి ఆగింది. నడిచేటప్పటి మోతను ఫోను వడపోసేస్తుంది కాబట్టి అది అవతలికి చేరదు, ఆగేటప్పటి ఆ కుదుపు మాత్రం చేరినట్టుంది.

“అమ్మా, అది మన ఫ్రిజ్ కదా?” అంది.

అవునన్నాను.

“ఇక్కడి ఫ్రిజ్ ఆగినప్పుడు అలా అనదు. నాకు మొదటి రెండు నెలలు అది లేక నిద్ర పట్టలేదు, నీతో చెప్పలేదు. మళ్లీ మొదలైతే ఫోను దగ్గర పెట్టు.”

కుర్చీ జరుపుకుని, ఫోను ఫ్రిజ్ పక్కన ఆనించి, మోటారు మళ్లీ మొదలయ్యేదాకా ఇద్దరం కూర్చున్నాం.