బావ పొట్ట మీద అక్షరాలు

మా బావ పర్లాకిమిడిలో వంట మాస్టర్. పెళ్లిళ్లకీ, గృహప్రవేశాలకీ ఆరుగురు మనుషుల్ని వెంటేసుకుని వెళ్తాడు. ఈమధ్య ఎవరో చెప్పారట, టీమ్ అంటే అందరికీ ఒకే రంగు చొక్కాలుండాలని. మెరూన్ టీషర్టులకి ఆర్డర్ ఇచ్చాడు, అవి రావడానికి పది రోజులు పడుతుందన్నారు. ఈలోపే మాఘమాసం ముహూర్తాలు అయిపోతాయని టెన్షన్. అందుకని సాదా మెరూన్ చొక్కా ఒకటి వేసుకుని, ఫోన్‌లో ఫొటో తీయించుకుని, నేరుగా నా డీటీపీ కొట్టుకి వచ్చాడు.

"దీని మీద మన పేరు పడీ, ఫొటో చూసినవాడు చొక్కా నిజంగానే ప్రింటయింది అనుకోవాల" అన్నాడు.

పేరంటే పెద్దదేం కాదు. పైన గుండిగ బొమ్మ, దాని కింద తెలుగులో తెల్లటి అక్షరాలతో "వంట బృందం", ఇంకా కింద అదే ముక్క ఒడియాలో. మా ఊరు 1936లో ఒడిశాలో కలిసినప్పటి నుంచీ ఏ బోర్డు రాసినా రెండు లిపులు తప్పవు, ఒక లిపికే డబ్బులిస్తామంటారు అది వేరే సంగతి.

ఫొటోషాప్‌లో డిజైన్ తెచ్చి ఫొటో మీద పెట్టాను. గోడకి సినిమా పోస్టర్ అంటించినట్టుంది. బావ పొట్ట గుండ్రంగా ఉంది, అక్షరాలు మాత్రం పలకలా బల్లపరుపుగా ఉన్నాయి. బట్టలో కలిసిపోవాలంటే లేయర్‌ని మల్టిప్లైలో పెట్టాలని ఎప్పుడో నేర్చుకున్న గుర్తు, పెట్టేశాను. అక్షరాలన్నీ మాయం. మల్టిప్లై అంటే కింద ఉన్న రంగుని నల్లబరచడమే, తెలుపు దేన్నీ నల్లబరచలేదు, కాబట్టి తెల్ల అక్షరం కింద చొక్కా ఎలా ఉన్నది అలాగే కనిపిస్తుంది. తెల్ల చొక్కా మీద నల్ల అక్షరాలైతే అది బ్రహ్మాండంగా పనిచేసేది. "పేరు చెరిపేశావేటి?" అన్నాడు బావ, అప్పటికే కాస్త అనుమానంగా.

సరే, అసలు మందు డిస్‌ప్లేస్‌మెంట్ మ్యాప్. చొక్కా ఫొటోకి నలుపు తెలుపు కాపీ ఒకటి చేసి, PSD ఫైల్‌గా దాచి, డిజైన్ లేయర్ మీద Filter > Distort > Displace కొట్టి ఆ ఫైల్ చూపిస్తే, ఫొటోషాప్ ఆ కాపీలో వెలుగునీ చీకటినీ చూసి అక్షరాల్ని జరుపుతుంది. నలుపు 0, తెలుపు 255 అనుకుంటే నడిమి బూడిద రంగు, అంటే 128, ఉన్నచోట అక్షరం కదలదు. దానికన్నా తెల్లగా ఉంటే ఒక పక్కకి, నల్లగా ఉంటే ఇంకో పక్కకి జరుగుతుంది. ఎంత జరపాలో చెప్పేది స్కేల్, అది 100 పెడితే ఎక్కువలో ఎక్కువ 128 పిక్సెళ్లు, మామూలుగా అది చూపించే 10 అయితే దాదాపు 13. నేను 40 పెట్టాను, అంటే 51 పిక్సెళ్ల దాకా. ఎందుకంటే పొట్ట పెద్దది కదా అని. అక్షరం గీత మందం మాత్రం 14 పిక్సెళ్లే.

వచ్చిన బొమ్మని పెద్దగా చేసి చూసినప్పుడు మడతలన్నీ భలే వచ్చాయనిపించింది. బావకి పంపాను. తప్పు అక్కడే జరిగింది, ఫోన్‌లో చిన్నగా చేసి చదవకుండా పంపాను. బావ ఆ నిమిషంలోనే కాశీనగరంలో పెళ్లివారికి ఫార్వర్డ్ చేశాడు.

అర్ధగంటకి పెళ్లికూతురి తండ్రి ఫోన్. "మాకు వంటవాళ్లు కావాల నాయనా, మంటలార్పేవాళ్లు కాదు."

ఫొటో మళ్లీ తెరిచాం. అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని నిదానంగా చదివింది: "మంట... బందం." వ పక్కనుంచి చొక్కా మడత ఒకటి నిలువుగా దిగింది, ఆ మడత అంచు మెరుపుకి వ కొమ్ము కుడి పక్కకి సాగి చిన్న తోక వేసింది. వ కి కుడి పక్క తోక వస్తే మ కాక ఏమవుతుంది? బృ కింద ఉండే వట్రసుడి మరీ సన్నం, అది పొట్ట కింది మడతలో ముక్కలై కలిసిపోయింది. ఒడియా లైను ఇంకా ఘోరం. ఆ లిపిలో చాలా అక్షరాలకి తల ఒకేలా గుండ్రంగా ఉంటుంది, ఏది ఏ అక్షరమో చెప్పే తేడా చాలావరకు కింది భాగంలోనే. ఆ కింది భాగాలే మడతలోకి పోయాయి, మిగిలింది వరసగా బోండాలు. కేటరింగ్ వాళ్లకి అది బాగానే ఉందని నాకు అనిపించింది కానీ అనలేదు.

ట మధ్యలో మాత్రం ఓ వంకర ఎంతకీ అర్థం కాలేదు, అక్కడ మడతే లేదు. అక్క వచ్చి చూసి, "అది నిన్నటి సాంబారు మరక" అంది. అదీ అసలు సంగతి. ఈ ఫిల్టర్‌కి గుంట ఏదో, మరక ఏదో తెలీదు. నల్లగా ఉన్నదల్లా దాని లెక్కన ఒకటే. మెరూన్ చొక్కా మొత్తం నలుపు తెలుపులో 60 దగ్గర ఉండటంతో పేరంతా కలిపి అడ్డంగా 27, నిలువుగా 27 పిక్సెళ్ల చొప్పున మూలగా జారింది కూడా, నేను అది కెమెరా వంకరనుకున్నాను.

మళ్లీ మొదటి నుంచి చేశాను. ముందు మ్యాప్‌లో వెలుగు చీకట్లు సర్దే లెవెల్స్ జరిపి, మడత లేని బట్టని 128 దగ్గరికి తెచ్చాను, జారుడు ఆగింది. సాంబారు మరక మీద పక్క రంగుతోనే బ్రష్ పూశాను. నేత గింజలకి అక్షరం అంచు రంపంలా కాకుండా మ్యాప్‌కి కాస్త గాసియన్ బ్లర్ ఇచ్చాను. పొట్ట గుండ్రాన్ని ఈ ఫిల్టర్ మీద పెట్టకుండా వార్ప్‌తో ముందే వేరుగా ఉబ్బించాను, పెద్ద వంపు దానిది, చిన్న మడతలు దీనివి. స్కేల్ 5, అంటే మహా అయితే ఆరు పిక్సెళ్లు, గీత మందంలో సగం కూడా లేదు. వట్రసుడిని రెండు పిక్సెళ్లు లావు చేశాను. పేరుని పొట్ట మీంచి లేపి ఛాతీ మీద పెట్టాను, దీనికి బావ ఒప్పుకోవడానికి రెండు టీలు పట్టాయి.

నీడలు మిగిలాయి. అక్షరాల్ని మామూలు నార్మల్‌లోనే ఉంచి, వాటి మీద చొక్కా నలుపు తెలుపు కాపీని మల్టిప్లైలో వేశాను, అక్షరాల వరకే కనిపించేలా. ఆ కాపీని మళ్లీ లెవెల్స్‌తో బాగా తెల్లబరచాలి, బట్ట తెల్లగా, మడతలు మాత్రమే నల్లగా మిగలాలి. లేకపోతే తెల్ల అక్షరాలు కాస్తా కాకి రంగవుతాయి. అదీ ఒకసారి అయింది, చెప్పుకోను.

ఈసారి ఫోన్‌లో బొటనవేలంత చేసి, ఏం రాసుందో తెలియని పక్క పాన్ కొట్టు కుర్రాడికి చూపించాను. "వంట బృందం" అన్నాడు తడుముకోకుండా. పెళ్లివారికి పంపాం, బేరం నిలిచింది.

పది రోజులకి అసలు చొక్కాలు వచ్చాయి. పేరు పొట్ట మీద పెద్దగా ఉండాలని ప్రింటింగ్ వాళ్లకి బావ ముందే చెప్పాడట. వేసుకుని, అద్దం ముందు నిలబడి, కుర్చీలో కూర్చున్నాడు. వ పక్కన నిలువు మడత, బృ కింద అడ్డం మడత. అత్తయ్య కళ్లజోడు సర్దుకుని చదవబోయింది.

బావ నా వంక చూసి, "దీనికీ స్కేల్ తగ్గించొచ్చేటి?" అన్నాడు. అక్క వంటింట్లోంచి, "తగ్గించొచ్చు, రాత్రి అన్నం మానేయమను" అంది.